స్నానాల నీళ్లు, బట్టల నీళ్లు మొక్కలకి పెడుతున్నారా? మీ ఫిల్టర్ ఆపలేనిది ఒకటుంది

(ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈ రోజు గ్రేవాటర్ గురించి మాట్లాడుకుందాం. గ్రేవాటర్ అంటే పెద్ద పదం ఏం కాదు. కమోడ్ నీళ్లు కాకుండా, స్నానం చేసినవి, బట్టలు ఉతికినవి, చేతులు కడిగినవి, ఆ నీళ్లు. వంటింటి సింక్ నీళ్లని కూడా కొందరు ఇందులో కలుపుతారు. నేను కలపను. నూనె, మెతుకులు, పప్పు అడుగు, ఇవన్నీ వచ్చి ఫిల్టర్‌ని వారంలో బురద చేస్తాయి. సో ఈ ఎపిసోడ్ మొత్తం బాత్రూమ్, వాషింగ్ మెషీన్, ఈ రెండే.

వీటి మీద వీడియోలు చాలా ఉన్నాయి. ఎక్కువ వాటిల్లో ఏం చూపిస్తారంటే, మూడు డ్రమ్ములు పెడతారు, ఇసుక పోస్తారు, కంకర పోస్తారు, బొగ్గు పోస్తారు. చివర్లో గాజు గ్లాసులో నీళ్లు పట్టి "చూడండి ఎంత తేటగా ఉన్నాయో" అంటారు. అక్కడే నా పేచీ. తేటగా ఉన్న నీళ్లు మొక్కకి మంచి నీళ్లు అని రూల్ ఏం లేదు. సముద్రం నీళ్లు కూడా గ్లాసులో తేటగానే ఉంటాయి కదా. కంకర, ఇసుక ఆపేది కళ్లకి కనపడే వాటిని: వెంట్రుకలు, బట్టల పీచు, సబ్బు తెట్టు. నీళ్లల్లో కరిగిపోయిన ఉప్పుని అవి ఆపలేవు. మీ తోటని మెల్లగా చంపేది ఆ ఉప్పే.

ఉప్పు అంటే మనం కూరలో వేసుకునే ఉప్పు ఒక్కటే కాదు. డిటర్జెంట్ పౌడర్ ప్యాకెట్‌లో మురికి వదిలించే అసలు పదార్థం కొంతే. మిగతాదాంట్లో పెద్ద భాగం సోడియం కార్బొనేట్, అంటే చాకలి సోడా, ఇంకా సోడియం సల్ఫేట్. ఈ రెండోదాన్ని ఎక్కువగా పౌడర్ పరిమాణం పెంచడానికి, గడ్డ కట్టకుండా ఉంచడానికి కలుపుతారు. రెండిట్లోనూ సోడియం ఉంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక లోడుకి 70 గ్రాముల పౌడర్ వేశారు, అందులో సగం ఇలాంటి సోడియం లవణాలే అనుకుందాం. 35 గ్రాములు. వారానికి నాలుగు లోడ్లు, 140 గ్రాములు. ఏడాదికి 52 వారాలు, ఏడు కిలోల పైమాటే. ఇప్పుడు చెప్పండి, మీ పెరట్లో చిన్న మడిలోకి ఏడు కిలోల సోడియం లవణాలు తెచ్చి చల్లుతారా? చల్లరు. కానీ నీళ్లల్లో కలిపి రోజూ కొంచెం కొంచెం పోస్తే అదే జరుగుతుంది. నీళ్లు ఎండకి ఆవిరవుతాయి, కొంత మొక్క తాగుతుంది. ఉప్పు మాత్రం మట్టిలోనే కూర్చుంటుంది.

అలా అని ఈ ఐడియా వదిలేయమని చెప్పట్లేదు. ఉప్పుని ఫిల్టర్ దగ్గర ఆపలేం కాబట్టి, రెండు చోట్ల ఆపాలి: సబ్బు కొనే దగ్గర, పైపు తిప్పే దగ్గర. అదెలాగో ఒక ఇంటిని తీసుకుని చూద్దాం.

పిన్ని వాళ్ల ఇల్లు

మా పిన్ని వాళ్లది హైదరాబాద్‌లో బోడుప్పల్ వైపు. 200 గజాల్లో గ్రౌండ్ ప్లస్ వన్. కింద అద్దెకిచ్చారు, పైన పిన్ని వాళ్లు నలుగురు. ఇంటి పక్కన, వెనక కలిపి ఓ 30 చదరపు మీటర్ల మట్టి ఉంది. ఒక కొబ్బరి చెట్టు, రెండు అరటి పిలకల గుంపులు, జామ, కరివేపాకు, మందారం, గోడ పక్కన మల్లె. మార్చి దాటితే బోరు సన్నబడుతుంది, ఏప్రిల్లో 5000 లీటర్ల ట్యాంకర్లు మొదలవుతాయి. ట్యాంకర్ నీళ్లు కొబ్బరి చెట్టుకి పోయాలంటే బాబాయ్‌కి ప్రాణం ఒప్పదు. పోయకపోతే పిన్నికి ప్రాణం ఒప్పదు. ఆ గొడవలోంచి వచ్చిందే ఈ సెటప్.

ముందు నీళ్లు ఎన్ని వస్తాయో లెక్కేశాం. మనిషికి రెండు బకెట్లు, బకెట్ 20 లీటర్లు. నలుగురికి రోజుకి 160. మెషీన్ టాప్ లోడ్, ఒక లోడుకి 40 లీటర్ల చొప్పున మూడు సార్లు నీళ్లు నింపుకుంటుంది: ఒకటి ఉతకడానికి, రెండు జాడించడానికి. మొత్తం 120 లీటర్లు. వారానికి నాలుగు లోడ్లు.

ఇక్కడే మొదటి నిర్ణయం. ఉతికిన మొదటి 40 లీటర్లు తోటకి పంపం. డిటర్జెంట్‌లో ఎక్కువ భాగం ఆ మొదటి నీళ్లతోనే బయటికి పోతుంది. తర్వాత వచ్చే రెండు జాడింపుల నీళ్లల్లో ఉండేది కొంచెమే. అంటే మూడో వంతు నీళ్లు వదులుకుంటే సోడియంలో పెద్ద వాటా వదిలిపోతుంది. ఇంతకంటే చౌక ఫిల్టర్ ఇంకోటి లేదు. మీ ఇంట్లో సెమీ ఆటోమేటిక్ అయితే ఇది మరీ ఈజీ, డ్రెయిన్ తిప్పేది మీరే కదా. ఫుల్లీ ఆటోమేటిక్ అయితే ఒకసారి పక్కనే నిలబడి మొదటి సారి నీళ్లు వదిలేది ఎన్నో నిమిషంలోనో చూసి పెట్టుకోండి. అదే ప్రోగ్రామ్ వాడినంత కాలం ఆ టైమ్ పెద్దగా మారదు. నాకు మాత్రం చూడగానే ఒక సెన్సర్, ఒక మోటార్ వాల్వ్, ఒక యాప్ గుర్తొచ్చాయి. పాత ఉద్యోగం బుద్ధులు ఎక్కడికి పోతాయి! పిన్ని "నేను ఆ టైముకి పైనే ఉంటాను కదరా, చేత్తో తిప్పితే పోలా" అంది. పోతుంది.

సో జాడింపు నీళ్లు లోడుకి 80, వారానికి 320. స్నానాలవి వారానికి 1120. మొత్తం 1440, అంటే రోజుకి సుమారు 200 లీటర్లు. హైదరాబాద్ ఎండాకాలంలో దట్టంగా మొక్కలున్న చదరపు మీటరు నేలకి రోజుకి ఆరు లీటర్లు అని పెట్టుకోండి. 200ని ఆరుతో భాగిస్తే 33. వాళ్ల తోట 30. సరిపోయింది. ఈ భాగహారం మీ ఇంటికి కూడా చేసుకోండి, ఎందుకంటే చిన్న మడిలో ఎక్కువ నీళ్లు పోసినా సమస్యే. నేల ఇంకించుకోలేక పైన నిలబడితే వాసన, దోమలు రెండూ వస్తాయి.

ఏ పైపు ఎక్కడికి పోతోంది?

పైపు కోసే ముందు ఒక పరీక్ష. చాలా ఇళ్లల్లో బాత్రూమ్ నేల నీళ్లకి ఒక పైపు, కమోడ్‌కి వేరే పైపు గోడ బయట కనపడతాయి. రెండూ వేర్వేరుగా కిందికి దిగితే మీరు లక్కీ. కొన్ని ఇళ్లల్లో, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో, రెండూ ఒకే పైపులో కలిసిపోతాయి. అలా ఉంటే బాత్రూమ్ నీళ్ల మీద ఆశ వదిలేసి మెషీన్ పైపు ఒక్కటే వాడుకోండి. చూసి చెప్పడం కష్టమైతే బకెట్ నీళ్లల్లో రెండు చెంచాల పసుపు కలిపి బాత్రూమ్ నేల మీద పోయండి, ఇంకొకళ్లు కింద చాంబర్ మూత తీసి ఏ పైపులోంచి పసుపు నీళ్లు వస్తాయో చూడాలి. కమోడ్ కూడా ఒకసారి ఫ్లష్ చేసి చూడండి. ఐదు నిమిషాల పని, ప్లంబర్‌ని అడిగినదానికంటే నమ్మకం.

ఇంకో విషయం. పిన్ని వాళ్లింట్లో కింది బాత్రూమ్‌ని మేం ముట్టుకోలేదు. కింది బాత్రూమ్ నహానీ ట్రాప్ నేల మట్టం కంటే కిందే ఉంటుంది. ఆ నీళ్లు తీసుకోవాలంటే గొయ్యి తవ్వి సంప్ కట్టి, మోటార్ పెట్టాలి. మురికి నీళ్లకి మోటార్, అందులో వెంట్రుకలు, అదో తలనొప్పి. పై అంతస్తు నీళ్లు వాటంతట అవే కిందికి వస్తాయి. అవకాశం ఉన్నంతవరకు కరెంట్ లేకుండా కానివ్వండి.

పై బాత్రూమ్ నుంచి దిగే మూడంగుళాల పైపుని నేల నుంచి ఓ ఐదున్నర అడుగుల ఎత్తులో కోయించాం. పైనుంచి వచ్చే పైపు చివర ఒక ఎల్బో తగిలించి, దాన్ని సొల్యూషన్ వేసి అతికించకుండా రబ్బర్ రింగుతో బిగుతుగా వదిలేశాం. అది చేత్తో తిరుగుతుంది. ఇటు తిప్పితే డ్రమ్ములోకి, అటు తిప్పితే పాత డ్రైనేజీ పైపు నోట్లోకి. మూడంగుళాల వాల్వులు రెండు కొనే ఖర్చు తప్పింది, పైగా ఎటు తిరిగి ఉందో దూరం నుంచే కనపడుతుంది. పాత పైపు అడుగున వంపు తిరిగిన ట్రాప్ ఉండాలి, లేదంటే చాంబర్ వాసన మొత్తం పైకి తన్నుతుంది. మెషీన్ గొట్టాన్ని కూడా తెచ్చి ఈ పైపులోనే కలిపాం, అందుకే ఒక్క ఎల్బోతో రెండూ కంట్రోల్ అవుతున్నాయి.

(ఇక్కడ వీడియోలో ఎల్బో తిప్పి చూపించాం.)

మూడు డ్రమ్ములు

మొదటిది 100 లీటర్ల చిన్న డ్రమ్ము. మూడడుగుల ఇటుకల దిమ్మె మీద కూర్చుంటుంది. నీళ్లు పడే చోట ఒక నైలాన్ నెట్ సంచి కట్టాలి, వెంట్రుకలు, బట్టల పీచు అందులో ఆగుతాయి. సంచి వారానికి రెండు సార్లు విప్పి దులిపి కట్టాలి. ఆ డ్రమ్ము నుంచి నీళ్లు బయటికి తీసే పైపుని గోడకి ఊరికే కన్నం పెట్టి తగిలించకండి. లోపలి వైపు ఒక టీ పెట్టి, దాని కింది కాలుని ఒక అడుగు కిందికి దించండి, పై నోరు తెరిచి ఉంచండి. ఎందుకంటే ఆదివారం తలంటు రోజున నూనె మొత్తం నీళ్ల మీద తేలుతుంది. బురద అడుగున కూర్చుంటుంది. మధ్యలో ఉన్న నీళ్లే ఆ కాలు గుండా ముందుకి పోతాయి. తేలిన జిడ్డుని వారానికోసారి డబ్బాతో తీసేయడమే.

రెండోది 200 లీటర్ల డ్రమ్ము, ఒక అడుగు ఎత్తు దిమ్మె మీద. ఇదే ఫిల్టర్. ఇందులో నీళ్లు పైనుంచి కిందికి కాదు, కిందినుంచి పైకి వెళ్తాయి. మొదటి డ్రమ్ము నుంచి వచ్చే పైపు డ్రమ్ము అడుగు దాకా దిగుతుంది. దాని చుట్టూ అడుగున 40 ఎంఎం కంకర ఒక 20 సెంటీమీటర్లు, దాని మీద 20 ఎంఎం కంకర 20 సెంటీమీటర్లు, ఆ పైన చిన్న చిప్స్ ఇంకో 20. అన్నీ బాగా కడిగి పోయాలి, రాతి పొడి ఉంటే మొదటి రోజే బురద. నీళ్లు పైకి లేచి డ్రమ్ము అంచు దగ్గర ఉన్న కన్నం గుండా మూడో డ్రమ్ములోకి పడతాయి.

ఎందుకు కిందినుంచి పైకి? పైనుంచి పోస్తే చెత్త మొత్తం పై పొర మీద అట్ట కడుతుంది, రెండు వారాల్లో నీళ్లు దిగవు. కిందినుంచి వస్తే బరువైన చెత్త అడుగునే ఆగుతుంది, అక్కడ ఒక వాష్ అవుట్ వాల్వ్ పెట్టుకుంటే వారానికోసారి తెరిచి వదిలేయొచ్చు. తెరవగానే నీళ్లు కంకర గుండా వెనక్కి దిగుతూ కంకరని కూడా కొంత కడిగేస్తాయి. మధ్యప్రదేశ్‌లోని ధార్, ఝబువా జిల్లాల ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల స్నానాల నీళ్లని మళ్లీ వాడటానికి నీరి సంస్థ, యునిసెఫ్ కలిసి పనిచేశాయి. 2007లో దాని మీద ఒక మాన్యువల్ కూడా వేశారు. అక్కడా ఆధారం ఇలాంటి కంకర ఫిల్టర్లే.

సన్న ఇసుక గురించి అడుగుతారు. నేను వేయొద్దనే చెప్తాను. సబ్బు నీళ్లల్లో సన్న ఇసుక చాలా త్వరగా పూడుకుపోతుంది, దాన్ని కడగడం నరకం. మనం తాగే నీళ్లు చేయట్లేదు. పైపు పూడకుండా నేలకి చేరితే చాలు, మిగతా పని మట్టిలోని సూక్ష్మజీవులు చేస్తాయి.

మూడోది ఇంకో 200 లీటర్ల డ్రమ్ము, రెండు ఇటుకల ఎత్తులో. మూత గట్టిగా ఉండాలి, దోమ దూరకూడదు. అడుగున అంగుళం వాల్వ్, అక్కడినుంచి అంగుళం పైపు తోటలోకి. పైన రెండంగుళాల ఓవర్‌ఫ్లో డ్రైనేజీకి. మొదటి డ్రమ్ముకి కూడా ఒక ఓవర్‌ఫ్లో పెట్టండి. నెట్ మూసుకుపోయినా, ఫిల్టర్ పూడినా నీళ్లు పై బాత్రూమ్‌లోకి ఎదురు తన్నకుండా దారి ఉండాలి.

ట్యాంక్ ఉంది కదా అని దాచుకోవద్దు

ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. మూడో డ్రమ్ముని ట్యాంక్ అంటున్నాం కానీ అది నిల్వ ట్యాంక్ కాదు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా నలుగురి నీళ్లు ఒకేసారి వస్తాయి, తోట అంత వేగంగా తాగలేదు కాబట్టి కాసేపు పట్టి ఉంచే గిన్నె అంతే. 24 గంటల్లోపు ఖాళీ అయిపోవాలి.

కారణం ఇది. ఆ నీళ్లల్లో చర్మం పొట్టు, నూనె, సబ్బు ఉన్నాయి, అంటే బ్యాక్టీరియాకి విందు భోజనం. అవి తింటూ నీళ్లల్లో ఆక్సిజన్‌ని వాడేస్తాయి. ఆక్సిజన్ అయిపోయాక వేరే రకం బ్యాక్టీరియా రంగంలోకి దిగి సల్ఫేట్‌ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. అదే కుళ్లిన గుడ్డు వాసన. సల్ఫేట్ ఎక్కడినుంచి వచ్చిందంటే, ఇందాక చెప్పిన పౌడర్‌లోని సోడియం సల్ఫేట్ ఒకటి, బోరు నీళ్లల్లో ఉండేది ఇంకోటి. కాబట్టి వాసన వస్తే ఫినాయిల్ పోయకండి, అది మొక్కలకీ, మట్టికీ చేటు. నీళ్లు ఎక్కడ ఆగాయో వెతకండి. మూడో డ్రమ్ము ఖాళీగా ఉన్నా వాసన వస్తుంటే అది రెండో డ్రమ్ము అడుగున పేరుకున్న బురద. వాష్ అవుట్ తెరవాల్సిన టైమ్ దాటిపోయింది.

మొదటి రెండు డ్రమ్ములు ఎప్పుడూ కొంత నిండే ఉంటాయి నిజమే. కానీ రోజూ కొత్త నీళ్లు వచ్చి పాతవాటిని తోసేస్తాయి. కంకర నింపాక రెండో డ్రమ్ములో నీళ్లు పట్టేది తక్కువే, ఉదయం స్నానాలు అయ్యేసరికే అవి మారిపోతాయి. ఊరెళ్తున్నప్పుడే సమస్య. వెళ్లే రోజు ఎల్బో డ్రైనేజీ వైపు తిప్పి, రెండు డ్రమ్ములూ ఖాళీ చేసి వెళ్లాలి.

ఏ మొక్కకి, ఎలా

నీళ్లు పైనుంచి చల్లొద్దు, పైపుతో పిచికారీ వద్దు. స్నానాల నీళ్లల్లో మన ఒంటి మీది క్రిములు ఉంటాయి. ఆకు మీద, గాలిలోకి పోకుండా నేరుగా మట్టిలోకి వెళ్లాలి. పిన్ని వాళ్ల తోటలో అంగుళం పైపుకి ఒక్కో మొక్క దగ్గర ఒక్కో చిన్న వాల్వ్ ఉంది. పైపు నోటి కింద జానెడు లోతు గుంట, గుంట నిండా ఎండాకులు, కొబ్బరి పీచు. నీళ్లు ఆ ఆకుల కింద పడి ఇంకుతాయి, పైకి కనపడవు, దోమకి గుడ్లు పెట్టే చోటు దొరకదు. డ్రిప్ లైన్ వేద్దామన్నారు బాబాయ్. వద్దన్నాను. డ్రిప్పర్ కన్నాలు ఈ నీళ్లకి నెలలో మూసుకుపోతాయి.

కొబ్బరి ఉప్పుని బాగా తట్టుకుంటుంది, అందుకే ఎక్కువ వాటా దానికే. అరటికి నీళ్ల దాహం ఎక్కువ, నీళ్లు వదిలించుకోవడానికి అదే బెస్ట్, కానీ ఉప్పుని కొబ్బరిలా తట్టుకోదు, ఆకు అంచుల మీద ఒక కన్నేసి ఉంచాలి. జామ, మందారం కూడా ఓకే. నిమ్మ, బత్తాయి జాతికి ఉప్పు పడదు, చిక్కుడు, బీన్స్‌కి అసలు పడదు. వాటికి మంచి నీళ్లే పెట్టండి. మల్లెకి వారం విడిచి వారం ఇస్తున్నారు.

"మరి కొత్తిమీర, పాలకూర?" అంది పిన్ని. పచ్చిగా తినే ఆకుకూరకి, నేలలో ఊరే ముల్లంగి, క్యారెట్‌కి ఈ నీళ్లు వద్దు. పండు నేలకి ఎత్తులో కాసే చెట్లకే.

కుండీల సంగతి వేరు. కుండీలో మట్టి తక్కువ, ఉప్పు పోవడానికి దారి తక్కువ. డాబా మీద కుండీలు మాత్రమే ఉన్నవాళ్లు స్నానాల నీళ్ల వరకు పరవాలేదు, అది కూడా మూడు సార్లకి ఒకసారి మంచి నీళ్లు అడుగు కన్నం నుంచి కారేదాకా పోయాలి. పౌడర్‌తో ఉతికిన నీళ్లు కుండీల దగ్గరికి తేవద్దు.

సబ్బు మార్చండి, నేలని చదవండి

పౌడర్ నుంచి లిక్విడ్‌కి మారితే సోడియం బాగా తగ్గుతుంది, ఎందుకంటే లిక్విడ్‌లో ఆ పరిమాణం పెంచే సల్ఫేట్ అక్కర్లేదు, సోడా కూడా సాధారణంగా తక్కువే. లేబుల్ మీద బోరాక్స్, బ్లీచ్ అని ఉంటే ఆ రోజు నీళ్లు డ్రైనేజీకే. బోరాన్ మొక్కకి చిటికెడు కావాలి, కొంచెం ఎక్కువైతే విషం. బాత్రూమ్ యాసిడ్‌తో కడిగినా, ఫినాయిల్ వేసినా, జుట్టుకి రంగు వేసుకున్నా, చంటిపిల్లల గుడ్డలు ఉతికినా అంతే. ఎల్బో అటు తిప్పడమే. తలకి కుంకుడుకాయ వాడే ఇల్లయితే హ్యాపీ, దాంట్లో సోడియం గొడవే లేదు, నెట్ సంచిలో పిప్పి మాత్రం తరచుగా తీయాలి.

టీడీఎస్ మీటర్ పెన్ను ఒకటి ఉంటే ఇంకా బాగుంటుంది. కుళాయి నీళ్లు, మూడో డ్రమ్ము నీళ్లు రెండూ కొలవండి. కుళాయిది 500 చూపించి డ్రమ్ముది 650 చూపిస్తే మీరు కలిపింది 150. అదే 1500 చూపిస్తే ఎవరో ఎల్బో తిప్పడం మర్చిపోయి ఉతికిన నీళ్లు వదిలారని అర్థం. ఆ పెన్ను ఉప్పు ఎంతుందో చెప్తుంది కానీ అది సోడియమా, కాల్షియమా అని చెప్పదు. దానికి మట్టినే అడగాలి.

సోడియం మట్టిని ఏం చేస్తుందో చూద్దాం. మామూలుగా బంకమట్టి రేణువుల్ని కాల్షియం దగ్గరగా పట్టి ఉంచుతుంది, వాటి మధ్య సందుల్లోంచి నీళ్లు, గాలి పోతుంటాయి. సోడియం వచ్చి కాల్షియం చోటు ఆక్రమిస్తే రేణువులు విడిపోయి, ఆ సందుల్లో పేస్టులా కూర్చుంటాయి. తడిగా ఉంటే జిగట, ఎండితే గట్టి పెంకు. నల్లరేగడిలో ఇది త్వరగా తెలుస్తుంది, ఎర్ర గరప నేలల్లో ఆలస్యంగా.

పరీక్ష ఈజీ. నీళ్లు పెట్టే చోటు నుంచి శనగగింజంత మట్టి ఉండ, ఎండింది, తీసుకోండి. గాజు గ్లాసులో వాన నీళ్లు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి, ఉండని మెల్లగా వదలండి. కదపకండి. కొన్ని గంటల తర్వాత చూడండి. ఉండ విరిగి ముక్కలుగా పడి, నీళ్లు తేటగా ఉంటే భయం లేదు. ఉండ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్ముకుంటే సోడియం పని మొదలైందని. పక్కనే ఇంకో గ్లాసులో గ్రేవాటర్ పడని చోటి మట్టిని వేసి పోల్చుకుంటే, తేడా మీ నీళ్లదా, మీ నేల తీరే అంతా తెలుస్తుంది. కుళాయి నీళ్లతో చేస్తే కుదరదు, అందులో ఉన్న కాల్షియం ఆ మబ్బుని దాచేస్తుంది.

పిన్ని వాళ్ల వీధిలోనే ఒకాయన రెండేళ్లు మెషీన్ నీళ్లు మొత్తం, మొదటి నీళ్లతో సహా, నిమ్మ చెట్టు పాదులోకి వదిలారు. ముదురు ఆకుల అంచులు గోధుమ రంగులో మాడటం మొదలైంది. ఆయన నీళ్లు చాలట్లేదనుకుని ఇంకా పోశారు. తేడా పట్టుకునేది ఇక్కడే: నేల తడిగా ఉండి ఆకు అంచు మాడుతుంటే అది దాహం కాదు, ఉప్పు. పాదులో నీళ్లు గంటసేపు నిలబడుతున్నాయి. ఆయన మట్టి ఉండ గ్లాసులో వేస్తే అరగంటకే పాలు.

దానికి మందు జిప్సం. ఎరువుల షాపుల్లో దొరుకుతుంది. అది కాల్షియం సల్ఫేట్, అందులోని కాల్షియం మట్టిలో సోడియంని పక్కకి నెట్టి తన చోటు తను తీసుకుంటుంది. చదరపు మీటరుకి అరకిలో చల్లి, పైపైన కలియదిప్పి, ఆ తర్వాత మంచి నీళ్లు దండిగా పెట్టాలి. ఆ నీళ్లు లేకపోతే జిప్సం వేసినా లాభం లేదు, విడిపోయిన సోడియం కిందికి కడుక్కుపోవాలి కదా. అందుకే వానలకి ముందు వేయడం మంచిది. ఆయన జూన్ మొదట్లో వేశారు, నిమ్మకి గ్రేవాటర్ ఆపేశారు. వానాకాలం అయ్యాక వచ్చిన చిగురు బానే ఉంది, మాడిన పాత ఆకులు మాత్రం మళ్లీ పచ్చబడవు, రాలిపోతాయి.

పిన్ని వాళ్లు కూడా జూన్‌లో వానలు పడ్డాక ఎల్బోని డ్రైనేజీ వైపు తిప్పేస్తారు. తోటకి అప్పుడు ఈ నీళ్లు అక్కర్లేదు, పైగా ఎనిమిది నెలలు పేరుకున్న ఉప్పుని వాన కడగాలి. డ్రమ్ములు ఖాళీ చేసి, కంకర బయటికి తీసి కడిగి ఎండబెట్టి మళ్లీ నింపడానికి బాబాయ్‌కి ఒక ఆదివారం పడుతుంది. అక్టోబర్ చివర్లో వానలు పూర్తిగా ఆగాక, గ్లాసులో మట్టి ఉండ పరీక్ష చేసి, తేటగా ఉంటే ఎల్బో మళ్లీ డ్రమ్ము వైపు. డ్రమ్ముల కొలతలు, ఏ కన్నం ఎంత ఎత్తులో ఉందో చూపించే బొమ్మ వీడియో చివర్లో ఉంది, స్క్రీన్‌షాట్ తీసుకుని ప్లంబర్‌కి చూపించండి. ఉంటాను మరి.